నాలుగు వాకిళ్ళు

మా పెద్దక్క పెళ్ళి 1984 వేసవిలో, మా ఊళ్ళో, మా ఇంటి ముందు పందిట్లోనే జరిగింది. పశ్చిమ గోదావరిలో కాలవ గట్టునున్న ఊరు మాది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. పెళ్ళిలో నాకు అప్పజెప్పిన పని పైకి చూడ్డానికి విడిదికి కాఫీలు మొయ్యడం, బంతిలో నెయ్యి వడ్డించడం. అసలు పని వేరే ఉంది. మగపెళ్ళివారిని చూసి రావడం. ఆ పని పెట్టింది కాలవగట్టు మామ్మ.

కాలవగట్టు మామ్మ అంటే మా నాన్నగారి మేనత్త. ఇంటి నిండా మామ్మలే ఉండడంతో, కాలవ పక్కన ఉంటుంది కాబట్టి ఆవిడకి ఆ పేరు వచ్చింది. వియ్యాలవారి పాటలు పాడడంలో ఆవిడకి చుట్టుపక్కల పేరుంది. రెండో రోజు మధ్యాహ్నం వియ్యాలవారు బంతిలో కూర్చున్నప్పుడు ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు ఒక పక్కన చేరి, తింటున్న వాళ్ళ మీద ఎకసెక్కం పాటలు పాడతారు. వాళ్ళు తింటూనే వినాలి, కోపం తెచ్చుకోకూడదు. తర్వాత వాళ్ళ వంతు వస్తుంది, అప్పుడు మనం వినాలి. ఇప్పుడా సరదా దాదాపు పోయింది గాని అప్పటికి ఇంకా ఉంది.

ఇందులో మామ్మకి పోటీ మా దొడ్డమ్మ. దొడ్డమ్మ దగ్గర అట్ట ఊడిపోయిన ఒక గీతల పుస్తకం ఉండేది. అందులో అన్ని సందర్భాలకీ పాటలు నీలం సిరాతో రాసి పెట్టుకుంది. తలుపు దగ్గర పాడేది, అలకపాన్పు మీద పాడేది, వియ్యంకుడి మీద మూడు, వియ్యపురాలి మీద అయిదు. గొంతు కూడా మామ్మ కంటే దొడ్డమ్మదే బాగుంటుంది. మామ్మది బొంగురు గొంతు, పైగా రాగం మధ్యలో దగ్గొస్తుంది. అయినా పందిరంతా విరగబడి నవ్వేది మామ్మ పాటకే. ఎందుకో నాకు ఆ రెండు రోజుల్లో కొంత తెలిసింది.

మొదటి రోజు పొద్దున్న మగపెళ్ళివారు విడిదిలో దిగారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ్మ నన్ను వంటింటి వెనక గట్టు మీద కూర్చోబెట్టుకుంది.

"ఏం చూశావే?"

"బావగారి నాన్నగారు చాలా ఎక్కువ తింటారు మామ్మా."

ఏదో రహస్యం తెచ్చినట్టు చెప్పాను. మామ్మ మొహం ముడుచుకుంది. "తినేవాణ్ణి తిండిపోతు అనడానికి నువ్వెందుకే, నేనెందుకే? ఆ మాట దొడ్డమ్మ పుస్తకంలో ఉంది. ఎంత తిన్నాడని అడిగానా? ఎలా తింటాడో చూసి రా."

ఎలా తింటారు అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. చేత్తోనే కదా తింటారు.

రాత్రి భోజనాల్లో నేతిగిన్నె పట్టుకుని ఆయన ఎదుటే నాలుగు సార్లు తచ్చాడాను. వచ్చి చెప్పాను: "వద్దు వద్దంటూనే అన్నీ వేయించుకుంటారు."

"పెళ్ళికొచ్చిన వాళ్ళంతా అంతే కదుటే. మీ నాన్న కూడా అంతే. వద్దంటూ చెయ్యి ఎలా పెట్టాడు? ఆకు మీద అడ్డం పెట్టాడా, ఊరికే గాల్లో ఊపాడా?"

"ఆకు మీదే అడ్డం పెట్టారు."

"వేళ్ళు?"

వేళ్ళ సంగతి నేను చూడలేదు. కానీ మామ్మ అడగ్గానే ఆ చెయ్యి కళ్ళ ముందు కనబడింది. అరచెయ్యి ఆకు మీద బోర్లించి పెట్టారు గాని, వేళ్ళు దగ్గరగా లేవు. జల్లెడలా విడివిడిగా ఉన్నాయి. నేను వేసిన నెయ్యి ఆ సందుల్లోంచి అన్నంలోకి దిగిపోయింది, ఆయన చెయ్యి తియ్యనూ లేదు, తడిసిందని విసుక్కోనూ లేదు. ఆ మాట చెప్పేసరికి మామ్మ కాళ్ళు చాపుకుని హాయిగా గోడకి జేరబడింది. "ఆఁ, ఇది ఆయనది. ఇది ఇంకెవరిదీ కాదు," అంది.

నాకు అప్పటికి తెలియలేదు గాని, మామ్మ అడిగిన ఆ మూడు ప్రశ్నల్లోనూ ఒకటే పని జరిగింది. మొదటిసారి నేను తెచ్చిన మాట ఊళ్ళో సగం మందికి సరిపోతుంది. రెండోది పెళ్ళికొచ్చిన వాళ్ళందరికీ సరిపోతుంది. మూడోది ఒక్క మనిషికే సరిపోతుంది. ఇంకెవరికీ తొడగడానికి వీల్లేని చొక్కా అన్నమాట. అక్కడికొచ్చేదాకా మామ్మ పాట కట్టదు.

రెండో రోజు మధ్యాహ్నం. ముహూర్తం తెల్లవారుజామునే అయిపోయింది, అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. అరిటాకులు వేశారు. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, పులిహోర, బూరెలు. ముందు దొడ్డమ్మ ఎత్తుకుంది. వియ్యపురాలి మీద పాట. ఆవిడ గయ్యాళి అనీ, గర్విష్ఠి అనీ, కోడలికి పట్టెడన్నం పెట్టదనీ పెద్ద పాట. అక్క అత్తగారేమో మహా నెమ్మదిమనిషి. నిన్నటినుంచి ఆవిడ గొంతు నలుగురికి మించి విని ఉండరు. ఆవిడ పప్పన్నం కలుపుకుంటూ శ్రద్ధగా విని, పాట అయిపోగానే దొడ్డమ్మని పిలిచి, "వదినగారూ, మా వైపు దీనికింకో చరణం ఉందండీ, గాజుల మీద," అని తనే పాడి వినిపించింది! దొడ్డమ్మ వెంటనే లోపలికెళ్ళి పుస్తకం, పెన్నూ తెచ్చుకుంది.

అప్పుడు అందరూ నవ్వారు, కాని పాటకి కాదు. తనని తిట్టిన పాటకి తనే చరణం అందించిన మనిషిని చూసి నవ్వారు. పాపం ఆవిడైనా ఏం చేస్తుంది? అదే పాట ఆవిడ తన కూతురి పెళ్ళిలో తన వియ్యపురాలి మీద పాడే ఉంటుంది. అందరి మీదా పాడే పాట ఎవరికి తగులుతుంది? కాసేపటికి మామ్మ అదే వియ్యపురాలి మీద ఒకటే ఒక ముక్క అంది. ఆవిడ బొడ్లో తాళంచెవుల గుత్తి ఉంది. అక్షింతలు వెయ్యడానికి లేచినా, హారతికి లేచినా ముందు దాన్ని తడుముకునేది. "ఇల్లేమో అక్కడ, తాళమేమో అక్కడ, చెవినిక్కడ దొంగలెత్తుకెడితే ఎలాగమ్మా" అంది మామ్మ. ఆవిడ చెయ్యి అప్పటికే బొడ్డు దగ్గరుంది. చటుక్కున తీసేసింది, తీశాక నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈలోగా నేను నేతిగిన్నెతో వియ్యంకుడుగారి దగ్గరికి వచ్చాను. గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పనక్కర్లేదు, బూరె నడినెత్తిన చిల్లు పెట్టి అందులో నెయ్యి పోయించుకుని తింటాం. నేను వంగేసరికి ఆయన "వద్దమ్మా వద్దు, చాలు" అని చెయ్యి అడ్డం పెట్టారు. వేళ్ళు విడివిడిగానే ఉన్నాయి. ఆ వేళ్ళ సందుల్లోంచి కిందకి చూస్తే, బూరెకి అప్పటికే బొటనవేలితో నున్నగా గుంట పెట్టేసి ఉంది! నెయ్యి ఇంకా బంతి మొదట్లో ఉండగానే ఇక్కడ బావి తవ్వేసుకున్నారన్న మాట.

గిన్నె అక్కడే పక్కవాడికిచ్చేసి మామ్మ దగ్గరికి పరిగెత్తాను. చెవిలో చెప్పాను. మామ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. దగ్గొచ్చింది, దగ్గింది, ఎత్తుకుంది:

వద్దన్న చేతికి అయిదే వేళ్ళు
వేళ్ళకీ వేళ్ళకీ నాలుగు వాకిళ్ళు
వాకిళ్ళు తీసుంటే నెయ్యేమి చేస్తుంది
బొటనేలు తవ్విన బావిలో దూకింది

పేరెత్తలేదు. వియ్యంకుడనలేదు, తిండిపోతనలేదు. మొదటి చరణానికి ఆయన పక్కన కూర్చున్న వాళ్ళే నవ్వారు, వాళ్ళు నిన్నటినుంచి చూస్తున్నారు కాబట్టి. మిగతా బంతి ఒకరి చేతులొకరు చూసుకోవడం మొదలుపెట్టింది. ఎవరి చెయ్యో వెతుక్కుంటూ అందరి కళ్ళూ చివరికి ఒక్క ఆకు దగ్గరికి చేరాయి. ఆయన చెయ్యి ఇంకా ఆకు మీదే ఉంది, నేను గిన్నె వదిలేసి పారిపోయాను గదా! పందిరి గుంజలు కదిలిపోయేలా నవ్వారు. ఆయన తన చేతిని తనే మొదటిసారి చూసుకుంటున్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నారు. "ఇన్నాళ్ళూ మా ఆవిడకి కూడా దొరకలేదే ఇది!" అన్నారు. తర్వాత నెయ్యి వడ్డించే పిల్లాణ్ణి కేకేసి, వేళ్ళు బార్లా చాపి, "పొయ్యరా, వాకిళ్ళు తీసే ఉన్నాయి," అన్నారు.

నవ్వు పుట్టింది పాటలో కాదనిపిస్తుంది నాకు ఇప్పుడు ఆలోచిస్తే. మామ్మ సగమే చెప్పింది. మిగతా సగం ఆకు మీద ఉంది, అక్కడున్న వాళ్ళు తమ కళ్ళతో తెచ్చి కలుపుకున్నారు. అందుకే ఆ పాట ఇంకో పెళ్ళిలో పాడితే చప్పగా ఉంటుంది. దొడ్డమ్మ ఆశపడి అది కూడా పుస్తకంలో రాసుకుంది. రెండేళ్ళ తర్వాత ఏలూరులో ఎవరి పెళ్ళిలోనో పాడింది. ఆ వియ్యంకుడికి మధుమేహం, బూరె ముట్టుకోడు. ఎవరూ నవ్వలేదని తనే వచ్చి చెప్పింది.

ఆ సాయంత్రం మామ్మకి ఒకచోట తప్పింది కూడా. అది చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు.

బావగారి బాబాయిగారొకాయన ఉన్నారు. ఏమడిగినా "నిజమే, నిజమే" అనేవారు. కాఫీ కావాలా బాబాయిగారూ అంటే నిజమే. స్నానానికి నీళ్ళు తోడమంటారా అంటే నిజమే, నిజమే. నాకు బంగారం దొరికినట్టయి మామ్మకి చేరవేశాను. మామ్మ సాయంత్రం ఫలహారాల దగ్గర ఆయన మీద మొదలుపెట్టింది. మొదటి రెండు పాదాలకీ అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు, అందరికన్నా కొంచెం ఆలస్యంగా. మూడో పాదం మధ్యలో మామ్మ ఆగిపోయింది. ఆవిడకి ఎప్పుడూ రానంత దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక పాట మళ్ళీ ఎత్తుకుంది గాని, ఈసారి తన మీదే, మూడు చెంబులు మజ్జిగ తాగినా గొంతు పెగలని ఒక ముసలమ్మ గురించి.

రాత్రి నన్ను పిలిచింది. "ఆయన నీతో మాట్లాడేటప్పుడు తల ఎటు తిప్పాడే?"

ఆలోచించాను. ఎప్పుడూ కుడిచెవి నా వైపు వచ్చేలా తిప్పేవారు. బంతిలో కూడా ఎడమ చివరే కూర్చునేవారు, పక్కన కూర్చున్న వాళ్ళంతా కుడివైపే వచ్చేలా.

"ఆయనకి ఎడమ చెవి వినబడదు," అంది మామ్మ. "కుడిది కూడా అంతంతమాత్రమే. మనకి తెలియకూడదని అన్నిటికీ నిజమే అంటున్నాడు."

"నీకెలా తెలిసింది?"

"అందరూ నవ్వుతుంటే వాళ్ళావిడ ఆకు వంక చూస్తోంది."

అప్పట్నుంచీ నేను కూడా అదే చూస్తాను. ఎవరినైనా ఆటపట్టించినప్పుడు ఆ మనిషి నవ్వాడా లేదా అని కాదు, మనుషులు మర్యాదకి కూడా నవ్వుతారు. ఆ మనిషిని ఎరిగిన వాళ్ళు నవ్వారా అని. వియ్యంకుడుగారి చెయ్యి విషయంలో అందరికన్నా ముందు నవ్వింది ఆయన భార్య. బాబాయిగారి విషయంలో నవ్వు ముందు ఆగింది ఆయన భార్య దగ్గరే. రెండూ నేను కళ్ళారా చూసి తెచ్చినవే. కానీ వేళ్ళు మూసుకోవడం వియ్యంకుడుగారి చేతిలో పని, ఆయన మూసుకోరు, అంతే. చెవి తెరుచుకోవడం బాబాయిగారి చేతిలో లేదు. "మానుకోగలిగి మానుకోనిదాని మీదే సరసం. మానుకోలేనిదాని జోలికి పోకూడదే," అంది మామ్మ. నా మీద కోప్పడలేదు. చూసింది నువ్వైనా పాడింది నేను కదా అంది. మర్నాడు పొద్దున్నే కాఫీ తనే తీసుకెళ్ళి, బాబాయిగారికి కుడివైపున పీట వేసుకుని గంటసేపు కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఆయన నిజమే అనడం మాత్రం ఒక్కసారీ వినబడలేదు.

మామ్మ ముట్టుకోనివి ఇంకా కొన్ని ఉండేవి. ఒంటి రంగు, పిల్లలు లేకపోవడం, పాత చీర, కట్నం మాట. వీటిలో చూడ్డానికేముంది, గుడ్డివాడికి కూడా కనబడతాయి అనేది. దొడ్డమ్మ పుస్తకంలోని పాటలు మాత్రం సగానికి సగం వీటి మీదే. దొడ్డమ్మ చెడ్డది కాదు సుమా. మనిషిని చూడకుండా తిట్టాలంటే మిగిలేవి అవే.

మా నాన్నగారు తెలుగు మాష్టారు. ఈ పాటల గొడవంతా విని ఆయన తన ధోరణిలో ఒక మాట అన్నారు. పల్నాడు మీద శ్రీనాథుడు చెప్పాడనే చాటుపద్యంలో ఒక్క తిట్టు కూడా లేదు, గమనించారా అని. చిన్న చిన్న రాళ్ళు, చిల్లర దేవుళ్ళు, నాగులేటి నీళ్ళు, నాపరాళ్ళు, సజ్జ జొన్న కూళ్ళు, పాములూ తేళ్ళూ. అంతా కళ్ళతో చూసినవే, వరసగా పెట్టాడంతే. దిక్కుమాలిన దేశం అని ఊరుకుంటే అయిదువందల ఏళ్ళు ఎవడు గుర్తు పెట్టుకుంటాడు అన్నారు. ఆ పద్యం ఆయనకి మొదట నేర్పింది కూడా పల్నాటి ఆయనేనట, నవ్వుతూ.

అలా అంటున్న మా నాన్నగారి చేతిలో ఆ క్షణంలో గొడుగుంది. ఆ సంగతి మాకెవరికీ కనబడలేదు, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాం కదా. మగపెళ్ళివారి వంతు వచ్చినప్పుడు బావగారి మేనత్త లేచింది. రెండు రోజులుగా నిండు పందిరి కింద, ఒక్క ఎండపొడ పడని చోట, ముడిచిన గొడుగు చేత్తో పట్టుకుని తిరుగుతున్న ఒక పెద్దమనిషి గురించి పాడింది. గొడుగుతోనే బల్లలు చూపిస్తాడట, గొడుగుతోనే వంటవాళ్ళని పిలుస్తాడట, కన్యాదానం చెయ్యడానికి కూర్చుంటూ గొడుగెక్కడ పెట్టాలో తెలియక పురోహితుడి వంక చూశాడట. అక్షరాలా జరిగిందే! మా అమ్మ నవ్వి నవ్వి స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది. నాన్నగారు గొడుగు దాచుకోబోయారు, పందిట్లో గొడుగెక్కడ దాగుతుంది.

అందరికన్నా సంతోషించింది మామ్మ. ఓడిపోయిన వాళ్ళ మొహంలా లేదు ఆవిడ మొహం. ఆ రాత్రి అప్పగింతలకి ముందు అమ్మ ఏడుస్తూ కూర్చుంటే పక్కన చేరి, "ఏడవకే. వాళ్ళు చూసే మనుషులే. మన పిల్ల అన్నం సరిగ్గా తినకపోతే ఆ ఇంట్లో ఎవరికో ఒకరికి కనబడుతుంది," అంది.

పోయినేడాది హైదరాబాదులో మా మేనల్లుడి సంగీత్‌కి వెళ్ళాను. మైకు పట్టుకున్న కుర్రాడు ఫోనులోంచి చదివాడు. పెళ్ళయితే మగాడి పని అయిపోయినట్టే, అత్తగారంటే హిట్లరు, మామగారి బట్టతల మీద విమానం దిగొచ్చు. ఆ మామగారికి జుట్టు ఒత్తుగా ఉంది. ఎవరూ సరిచెయ్యలేదు, ఎవరూ వినలేదు కూడా. నేను మాత్రం పెళ్ళికూతురి తండ్రి వంకే చూస్తూ కూర్చున్నాను. ఆయన ఎవరు నమస్కారం పెట్టినా ముందు జేబులో కళ్ళజోడు తీసి పెట్టుకుని, అప్పుడు ప్రతినమస్కారం పెట్టి, మళ్ళీ తీసి జేబులో వేసుకుంటున్నాడు. అంతమంది వచ్చే పెళ్ళిలో ఎన్నిసార్లని! చెప్పడానికి పక్కన మామ్మ లేదు.

మామ్మ 1997లో పోయింది. పదమూడో రోజు శుభస్వీకారానికి వియ్యంకుడుగారు వచ్చారు. అప్పటికి బాగా పెద్దవారయ్యారు, చేతికర్ర వచ్చింది. ఈ పదమూడేళ్ళలో ఆయన మా ఇంటికి ఎప్పుడొచ్చినా, మేం నేతిగిన్నె తేగానే తనే ముందు "అయిదే వేళ్ళు" అని అందుకునేవారు. వాళ్ళ ఊళ్ళో కూడా అదే పేరు పడిపోయిందని అక్క చెప్పేది. నాలుగువాకిళ్ళ వారు అని.

ఆ రోజు బంతిలో నెయ్యి నేనే వడ్డిస్తున్నాను. ఆకులో బూరె ఉంది. నేను వంగేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

అలవాటు కొద్దీ గరిట వంచబోయి ఆగాను. వేళ్ళన్నీ దగ్గరగా మూసుకుని ఉన్నాయి. బూరెకి గుంట లేదు.

"చాలమ్మా," అన్నారు. నేను ఇంకా అక్కడే నిలబడ్డాను. "పక్కాయనకి వడ్డించు తల్లీ."